లాక్ అయిన నెట్ బ్యాంకింగ్ ప్రొఫైల్ తెరవమని బ్యాంకుకి ఉత్తరం: ఏం రాయాలి, ఏం రాయకూడదు

ప్రశ్న: "నెట్ బ్యాంకింగ్‌లో పాస్‌వర్డ్ వరసగా తప్పు కొట్టేసరికి ప్రొఫైల్ లాక్ అయిపోయింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే బ్రాంచిలో లెటర్ ఇవ్వమన్నారు. ఆ లెటర్‌లో ఏమేం రాయాలి? ఇచ్చాక నా పాత పాస్‌వర్డే పనిచేస్తుందా?"

ఉత్తరం ఒక పేజీ దాటక్కర్లేదండీ. నాలుగు సంగతులు ఉంటే చాలు. మీరెవరో బ్యాంకు రికార్డులో ఉన్నట్టే రాయాలి. ఏది లాక్ అయిందో స్క్రీన్ మీద కనిపించిన మాటల్లోనే చెప్పాలి. ఆ తప్పు ప్రయత్నాలు మీరే చేశారో లేదో చెప్పాలి. చివరగా, బ్యాంకు మీకు ఏం చేసిపెట్టాలో ఒకే పని అడగాలి. కింద ఖాతా తెరిచినప్పుడు పెట్టిన సంతకమే పెట్టాలి. పాస్‌వర్డ్, ఓటీపీ, పిన్, కార్డు వెనక ఉండే మూడంకెల నంబరు మాత్రం ఎక్కడా రాయకూడదు. పాతదైనా, తప్పుదైనా రాయకూడదు.

పాత పాస్‌వర్డ్ పనిచేస్తుందా అన్నది మీరు ఏం అడిగారన్న దాని మీద ఆధారపడుతుంది. "అన్‌లాక్ చేయండి" అంటే తాళం తీస్తారు, పాత పాస్‌వర్డ్ అలాగే ఉంటుంది. "రీసెట్ చేయండి" అంటే పాతది రద్దయి, తాత్కాలిక పాస్‌వర్డ్ ఒకటి వస్తుంది. పాస్‌వర్డ్ కచ్చితంగా గుర్తుండి, వేలు జారడం వల్లే తప్పు పడిందనుకుంటే అన్‌లాక్ చాలు. "ఇదే అనుకుంటాను" అనే స్థితిలో ఉంటే అన్‌లాక్ అడగొద్దు, మళ్లీ లాక్ అవుతుంది. అనుమానం ఏమాత్రం ఉన్నా రీసెట్టే అడగండి. బ్రాంచిలోనూ, తర్వాత నెట్ బ్యాంకింగ్ విభాగంలోనూ ఇలాంటి ఉత్తరాలు చాలాకాలం నా బల్ల మీదకే వచ్చేవి. తిరిగి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఈ రెంటి మధ్య తేడా రాయనివే.

ఉత్తరం రాసే ముందు ఒక్క నిమిషం ఆగి స్క్రీన్ మీది సందేశాన్ని మళ్లీ చదవండి. లాక్‌లన్నీ ఒకటి కావు. కొన్ని బ్యాంకుల్లో తప్పు ప్రయత్నాల వల్ల పడిన లాక్ కొన్ని గంటలకో, మర్నాటికో దానంతట అదే విడిపోతుంది. అలాంటప్పుడు సందేశంలోనే "ఇంతసేపటి తర్వాత ప్రయత్నించండి" అని ఉంటుంది. దానికి ఉత్తరం అక్కర్లేదు, ఆ గడువు పూర్తయ్యేదాకా లాగిన్ పేజీ జోలికి వెళ్లకుండా ఉంటే చాలు. మధ్యమధ్యలో "వచ్చిందేమో" అని కొట్టి చూస్తే కొన్ని వ్యవస్థల్లో గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. "బ్యాంకును సంప్రదించండి" అని ఉంటే అది దానంతట విడిపోయేది కాదు. "పాస్‌వర్డ్ మర్చిపోయారా" అన్న లింకు ద్వారా మీరే మార్చుకునే వీలు ఉంటే ముందు అది చూడండి. కార్డు వివరాలు, రిజిస్టర్ అయిన మొబైల్ చేతిలో ఉంటే చాలా లాక్‌లు అక్కడే తేలిపోతాయి. అక్కడ కూడా ఆగిపోయాకే ఉత్తరం.

తర్వాత చూడాల్సింది ఏ తలుపుకు తాళం పడిందన్నది. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టగానే ఆగిపోతే లాగిన్ లాక్ అయినట్టు. లోపలికి వెళ్లి బ్యాలెన్స్ చూడగలుగుతూ, డబ్బు పంపబోతేనో, కొత్త పేరు చేర్చబోతేనో ఆగిపోతే లాక్ అయింది లావాదేవీ పాస్‌వర్డ్ లేదా ప్రొఫైల్ పాస్‌వర్డ్. చాలా బ్యాంకుల్లో ఈ రెండూ వేరువేరు, వాటి లెక్కలూ వేరువేరు. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉండి, ఓటీపీ తప్పు కొట్టడం వల్ల ఆగిందంటే అది మూడో రకం. ఇంకొకటి, చాలాకాలంగా వాడకపోవడం వల్ల యూజర్ ఐడీనే నిలిపివేసి ఉండటం. మీరు పాస్‌వర్డ్ తప్పు కొట్టడమూ, అదే సమయంలో ఐడీ నిలిచి ఉండటమూ కలిస్తే తప్పంతా పాస్‌వర్డ్‌దే అనిపిస్తుంది. అందుకే ఉత్తరంలో "లాక్ అయింది" అని మీ మాటల్లో రాసి వదిలేయకుండా, కనిపించిన సందేశాన్ని అక్షరం పొల్లు పోకుండా ఎత్తిరాయండి. కోడ్ నంబరు ఏదైనా కనిపిస్తే అదీ రాయండి. బల్ల అవతల ఉన్న ఉద్యోగికి ఆ ఒక్క వాక్యంతో ఏ మెనూ తెరవాలో తెలిసిపోతుంది.

ఇంత చిన్న పనికి కాగితం ఎందుకు, ఫోన్‌లోనే తీసేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నాలుగంకెల పిన్ తీసుకోండి. దానికి సాధ్యమైన కలయికలు మొత్తం 10,000. అడ్డు లేకపోతే ఒక ప్రోగ్రాం వాటన్నిటినీ కొద్దిసేపట్లో కొట్టి చూడగలదు. మూడు తప్పులకు ఆపేస్తే ఊహించి కొట్టేవాడికి దొరికే అవకాశం 10,000లో 3 మాత్రమే. లాక్ బలమంతా ఆ లెక్కలోనే ఉంది. ఫోన్ చేసి "నేనే, మర్చిపోయాను, తియ్యండి" అంటే తీసేసే పద్ధతి ఉంటే, దొంగ చేసే రెండో పని ఆ ఫోనే. పుట్టినతేదీ, తల్లి పేరు, చిరునామా లాంటివి ఈ రోజుల్లో అపరిచితులకు తెలియడం కష్టం కాదు. అందుకని తెలిసిన విషయం కాకుండా వేరే రుజువు కావాలి. బ్యాంకు దగ్గర ముందే దాచి ఉన్న రుజువు మీ నమూనా సంతకం. అంటే మీరు రాసేది వేడుకోలు కాదు, బ్యాంకు ఆ పని చేయడానికి మీరిచ్చే సంతకంతో కూడిన అధికారం. ఇలా చూస్తే ఏం రాయాలో, ఏం అక్కర్లేదో మీకే తెలుస్తుంది. ఎంత ఇబ్బంది పడుతున్నారో అరపేజీ రాసినా పని ముందుకు జరగదు. యూజర్ ఐడీ ఒక్క అక్షరం తప్పు పడితే మాత్రం ఆగిపోతుంది.

మామూలు సందర్భానికి, అంటే తప్పులు మీరే కొట్టి, రీసెట్ కోరుతున్నప్పుడు, ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది:

> తేదీ: ____________
>
> బ్రాంచి మేనేజర్ గారికి,
> ____________ బ్యాంకు, ____________ బ్రాంచి.
>
> విషయం: తప్పు పాస్‌వర్డ్ కారణంగా లాక్ అయిన నెట్ బ్యాంకింగ్ ప్రొఫైల్‌ను తెరిచి, లాగిన్ పాస్‌వర్డ్ రీసెట్ చేయవలసిందిగా కోరుతూ.
>
> అయ్యా / అమ్మా,
>
> మీ బ్రాంచిలో నా పేరు మీద సేవింగ్స్ ఖాతా ఉంది. ఖాతా నంబరు: ____________. కస్టమర్ నంబరు: ____________. నెట్ బ్యాంకింగ్ యూజర్ ఐడీ: ____________. బ్యాంకులో నమోదైన మొబైల్ నంబరులో చివరి నాలుగంకెలు: ______.
>
> ____ తేదీన సుమారు ____ గంటలకు నేను నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లడానికి ప్రయత్నించగా, వరుసగా తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినందువల్ల ప్రొఫైల్ లాక్ అయింది. స్క్రీన్‌పై "____________" అన్న సందేశం కనిపించింది. ఆ ప్రయత్నాలు నేను స్వయంగా చేసినవే. నా ఖాతాలో నాకు తెలియని లావాదేవీలేవీ నా దృష్టికి రాలేదు.
>
> వెబ్‌సైటులోని "పాస్‌వర్డ్ మర్చిపోయారా" ద్వారా ప్రయత్నించాను, కానీ "____________" అని వచ్చి ఆగిపోయింది.
>
> కావున పై యూజర్ ఐడీని అన్‌లాక్ చేసి, లాగిన్ పాస్‌వర్డ్ రీసెట్ చేసి, తాత్కాలిక పాస్‌వర్డ్‌ను బ్యాంకులో నమోదైన నా మొబైల్ నంబరుకు లేదా చిరునామాకు మాత్రమే పంపవలసిందిగా కోరుతున్నాను. నా మొబైల్ నంబరు, ఈమెయిల్, చిరునామాలలో ఏ మార్పూ కోరడం లేదు.
>
> జతపరిచినవి: గుర్తింపు పత్రం నకలు (స్వయంగా ధ్రువీకరించినది).
>
> ఇట్లు,
> (బ్యాంకు రికార్డు ప్రకారం సంతకం)
> పేరు: ____________
> పగటిపూట ఫోన్‌లో దొరికే సమయం: ____________

ఇందులో చాలామంది రాయని వాక్యాలు మూడున్నాయి. వాటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటిది "ఆ ప్రయత్నాలు నేను స్వయంగా చేసినవే". లాక్ అయిన ప్రొఫైల్ ఎదురైతే ఉద్యోగి మనసులో మొదట వచ్చే అనుమానం ఇది మోసమా, మరపా అన్నదే. మీరు చెప్పకపోతే జాగ్రత్తగల ఉద్యోగి మీకు ఫోన్ చేసి అడుగుతాడు. మీరు ఎత్తకపోతే కాగితం పక్కన పెడతాడు. ఈ ఒక్క వాక్యంతో ఆ ఆలస్యం పోతుంది. అయితే ఇది నిజమైతేనే రాయండి. సంతకం పెట్టి రాసిన మాట కాబట్టి, తర్వాత మోసం జరిగినట్టు తేలితే ఇదే మీకు అడ్డొస్తుంది.

రెండోది "నమోదైన మొబైల్ నంబరుకు లేదా చిరునామాకు మాత్రమే", దాని వెంట "ఏ మార్పూ కోరడం లేదు". ప్రొఫైల్ తెరవమంటూనే అదే ఉత్తరంలో మొబైల్ నంబరు కూడా మార్చమని అడగడం బ్యాంకుల్లో ప్రమాద సూచనగా చూస్తారు. ఖాతాను చేజిక్కించుకోవాలనుకునే వాడు అడిగేది సరిగ్గా ఆ రెండే. మీ నంబరు నిజంగానే మారి ఉంటే ముందు దానికి విడిగా దరఖాస్తు ఇచ్చి, అది రికార్డులోకి ఎక్కాక ఈ ఉత్తరం ఇవ్వండి. రెండూ కలిపి ఇస్తే రెండూ ఆగిపోవడమే ఎక్కువ చూశాను. పైగా పాత నంబరు మీద రీసెట్ చేయించుకుంటే తాత్కాలిక పాస్‌వర్డ్ ఆ నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుంటే వాళ్లకు పోతుంది.

మూడోది కస్టమర్ నంబరు, యూజర్ ఐడీ రెండూ రాయడం. నెట్ బ్యాంకింగ్ ప్రొఫైల్ ఖాతాకు కాదు, మనిషికి ముడిపడి ఉంటుంది. ఖాతా నంబరు ఒక్కటే రాస్తే, ఆ ఖాతాతో ముడిపడిన ప్రొఫైళ్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో లాక్ అయింది ఏదో ఉద్యోగి వెతుక్కోవాలి. దీని వల్ల ఏమవుతుందో ఒక కేసు చెబుతాను.

ఒక రిటైరైన లెక్చరర్ గారు, ఆయన భార్య కలిసి ఒక జాయింట్ ఖాతా నడిపేవారు. ఇద్దరికీ వేర్వేరు యూజర్ ఐడీలు. ఆయన ప్రొఫైల్ లాక్ అయింది. ఉత్తరం చక్కని దస్తూరీతో వచ్చింది, కానీ అందులో ఉన్నది జాయింట్ ఖాతా నంబరు, "దయచేసి నా నెట్ బ్యాంకింగ్ పునరుద్ధరించగలరు" అన్న ఒక్క మాట. బ్రాంచిలో ఆ ఖాతా నంబరుతో వెతికితే ముందుగా వచ్చింది భార్య ప్రొఫైల్. అది బాగానే ఉంది కాబట్టి "యూజర్ యాక్టివ్‌గానే ఉంది" అని రాసి కాగితం మూసేశారు. ఆయన వారం ఎదురుచూసి మళ్లీ వచ్చారు. ఈసారి సరైన ప్రొఫైల్ పట్టుకుని అన్‌లాక్ చేశారు. ఇంటికి వెళ్లిన సాయంత్రమే మళ్లీ లాక్ అయింది.

రెండోసారి కాగితం నా దగ్గరకు వచ్చింది. లాగిన్ ప్రయత్నాల చరిత్ర తీసి చూస్తే, తప్పు ప్రయత్నాల మధ్య ఎడం చాలా తక్కువగా ఉంది. మనిషి ఆలోచించి, కూడబలుక్కుని కొట్టే వేగం కాదది. ప్రతిసారీ ఆయన ఇంటి కంప్యూటరు నుంచే వచ్చాయి కనుక బయటివాడి పని కూడా కాదు. ఫోన్ చేసి అడిగితే తేలింది ఏమిటంటే, లాక్ పడటానికి కొద్ది రోజుల ముందు ఆయన పాస్‌వర్డ్ మార్చుకున్నారు. బ్రౌజరు మాత్రం పాతదాన్నే గుర్తుపెట్టుకుంది. పేజీ తెరవగానే పాత పాస్‌వర్డ్ చుక్కల రూపంలో నిండిపోతోంది. ఆయన దాన్ని చూసి "నిండే ఉంది కదా" అనుకుని నొక్కుతున్నారు. తప్పు అని రాగానే పేజీ మళ్లీ అదే నింపుతోంది, ఆయన మళ్లీ నొక్కుతున్నారు. కొత్త పాస్‌వర్డ్ ఆయనకు నిక్షేపంగా గుర్తుంది, కానీ అది ఒక్కసారి కూడా బ్యాంకు దాకా చేరలేదు.

ఆయనకు కావాల్సింది నిజానికి అన్‌లాకే. కానీ దానికంటే ముందు బ్రౌజరు సెట్టింగుల్లోకి వెళ్లి, దాచిన పాస్‌వర్డ్‌ల జాబితాలో బ్యాంకు పేరు మీదున్నది తీసేయాలి. ఫోన్‌లోనే ఆయనతో ఆ పని చేయించి, తర్వాత అన్‌లాక్ చేశాం. కొత్త పాస్‌వర్డ్‌ను వేళ్లతో టైపు చేశారు, మొదటిసారికే తెరుచుకుంది. కాబట్టి ఉత్తరం ఇచ్చే ముందే లాక్ ఎందుకు పడిందో మీ వైపు నుంచి వెతకండి. కారణం అలాగే ఉంటే బ్యాంకు ఎన్నిసార్లు తెరిచినా మళ్లీ పడుతుంది.

నేను ఎక్కువగా చూసిన కారణాలు ఇలాంటివే. ఫోన్ కీబోర్డు యూజర్ ఐడీ మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్ద అక్షరంగా మార్చేస్తుంది. కొన్ని బ్యాంకుల్లో చిన్నా పెద్దా అక్షరాల తేడా యూజర్ ఐడీకి కూడా వర్తిస్తుంది. ఎక్కడో రాసుకున్న పాస్‌వర్డ్‌ను కాపీ చేసి అతికిస్తే చివర కంటికి కనబడని ఖాళీ ఒకటి కూడా వచ్చేస్తుంది. పాత ఫోన్‌లోనో ట్యాబ్లెట్‌లోనో బ్యాంకు యాప్ ఇంకా పాత పాస్‌వర్డ్‌తో ఉండి, ఇంట్లో ఎవరో అది తెరుస్తుంటారు. మీ ఖర్చులన్నీ ఒకచోట చూపిస్తామనే యాప్‌లకు ఎప్పుడో పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, మీరు మార్చిన తర్వాత కూడా అవి పాతదానితో తలుపు తడుతూనే ఉంటాయి. ఈ చివరిదైతే మీరు నిద్రపోతున్నప్పుడు కూడా లాక్ పడుతుంది. మోసమేమో అనిపిస్తుంది కానీ కాదు. అలాంటి యాప్‌లకు అసలు పాస్‌వర్డ్ ఇవ్వకపోవడమే మంచిది. ఇచ్చి ఉంటే అక్కడి నుంచి బ్యాంకును తీసేశాకే ఉత్తరం ఇవ్వండి.

ఇప్పుడు రెండో పక్షం. ఆ ప్రయత్నాలు మీవి కాకపోతే? మీరు కొన్ని రోజులుగా లాగిన్ పేజీయే తెరవలేదు, హఠాత్తుగా "మీ ప్రొఫైల్ లాక్ అయింది" అని మెసేజ్ వచ్చిందనుకోండి. ముందు ఆ మెసేజ్‌లో లింకు ఏదైనా ఉంటే ముట్టుకోవద్దు, మెసేజే నకిలీ కావచ్చు. బ్యాంకు చిరునామాను మీరే టైపు చేసి చూడండి. నిజంగానే లాక్ అయి ఉంటే, మీ యూజర్ ఐడీ తెలిసిన వాడెవడో పాస్‌వర్డ్‌లు కొట్టి చూశాడన్నమాట. లాక్ పడిందంటే ఆ ప్రయత్నం ఆగిందనే అర్థం, డబ్బు పోయిందని కాదు. అయినా ఇక్కడ తొందరపడి "తెరవండి" అని అడగకండి. ఉత్తరం స్వరూపమే మారాలి. పై నమూనాలో "ఆ ప్రయత్నాలు నేను స్వయంగా చేసినవే" అన్న పేరా నుంచి "కావున" అన్న పేరా దాకా తీసేసి, విషయం వాక్యం కూడా తగ్గట్టు మార్చి, ఇలా రాయండి:

> ____ తేదీన నా నెట్ బ్యాంకింగ్ ప్రొఫైల్ లాక్ అయినట్టు సందేశం వచ్చింది. ఆ సమయంలో నేను లాగిన్ కావడానికి ప్రయత్నించలేదు. నా యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వలేదు. ఆ ప్రయత్నాల వివరాలను (తేదీ, సమయం, ఎక్కడి నుంచి జరిగాయి) పరిశీలించి నాకు తెలియజేయవలసిందిగానూ, అంతవరకు ప్రొఫైల్‌ను లాక్‌లోనే ఉంచవలసిందిగానూ కోరుతున్నాను. పరిశీలన తర్వాత పాత యూజర్ ఐడీని రద్దు చేసి, కొత్త యూజర్ ఐడీతో సేవను పునరుద్ధరించగలరు.

కొత్త యూజర్ ఐడీ ఎందుకంటే, పాత ఐడీ ఆ మనిషికి తెలుసు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైనా అతను రోజూ తప్పులు కొడుతూ మిమ్మల్ని రోజూ బయట నిలబెట్టగలడు. ఐడీ మారితే ఆ దారి మూసుకుంటుంది. చాలామంది ఐడీగా తమ పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టుకుంటారు, లేదా ఈమెయిల్‌లో వాడే పేరే ఇక్కడా వాడతారు. కొత్తది అలా ఊహకు అందేలా పెట్టకండి. ఖాతాలో తెలియని లావాదేవీ ఒక్కటి కనిపించినా ఈ ఉత్తరంతో ఆగొద్దు. వెంటనే బ్యాంకు మోసాల ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకుని, ఆ సంఖ్యను ఉత్తరంలో రాయండి. ఎంత త్వరగా తెలియజేశారన్న దాన్ని బట్టి పోయిన డబ్బుకు బాధ్యత ఎవరిదో తేలే సందర్భాలు ఉంటాయి. కాగితం బ్రాంచికి చేరేదాకా ఆగడం మీకే నష్టం.

బ్యాంకు లోపల ఈ ఉత్తరం ఎలా నడుస్తుందో తెలిస్తే ఎక్కడ ఆగిందో మీరే పట్టుకోగలరు. ముందు స్వీకరించినట్టు ముద్ర పడుతుంది. తర్వాత ఒక ఉద్యోగి మీ సంతకాన్ని స్క్రీన్ మీది నమూనాతో పోల్చి, రీసెట్ అభ్యర్థనను వ్యవస్థలో నమోదు చేస్తారు. నమోదు చేసినవారే ఆమోదించడానికి వీల్లేదు, మరో అధికారి తన లాగిన్‌తో చూసి ఆమోదించాలి. దీన్నే మేకర్, చెకర్ పద్ధతి అంటారు. ఆ ఆమోదం పడ్డాకే తాత్కాలిక పాస్‌వర్డ్ తయారవుతుంది. అది ఉద్యోగులకు కూడా కనబడదు, నేరుగా మీ మొబైల్‌కో, మూసిన కవరులో పోస్టులోనో వస్తుంది. "అక్కడే చెప్పెయ్యండి, రాసుకుంటాను" అని కౌంటరులో అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, కానీ చెప్పడానికి వాళ్ల దగ్గర అది ఉండదు.

ఎక్కువగా ఆగేది సంతకం దగ్గర. ఖాతా ఎప్పుడో తెరిచి ఉంటారు, ఈలోగా సంతకం మారిపోయి ఉంటుంది. ఇంటి దగ్గర రాసి పంపితే సరిపోలక తిరిగి వస్తుంది, అది మీకు తెలియడానికే రోజులు పడుతుంది. మీ సంతకం మారిందని అనుమానం ఉంటే ఉత్తరాన్ని సంతకం పెట్టకుండా తీసుకెళ్లి, గుర్తింపు పత్రం అసలు ప్రతి చూపించి, ఉద్యోగి ఎదుటే పెట్టండి. అవసరమైతే నమూనా సంతకం మార్పు కూడా అప్పుడే చేయించుకోండి. జాయింట్ ఖాతా అయినా మీ ప్రొఫైల్‌కు మీ సంతకమే చాలు, ఎందుకంటే తెరుస్తున్నది మీ ప్రొఫైల్‌ను. సంస్థ ఖాతాల్లో మాత్రం పద్ధతి వేరు. అక్కడ అధికారం ఉన్న వ్యక్తులు సంస్థ ముద్రతో రాయాలి, ఎవరెవరు సంతకం చేయాలన్నది ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన తీర్మానాన్ని బట్టి ఉంటుంది.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇస్తూనే రెండు ప్రశ్నలు అడగండి. తాత్కాలిక పాస్‌వర్డ్ ఏ దారిలో వస్తుంది? వచ్చాక ఎంతసేపు పనిచేస్తుంది? మొబైల్‌కు వచ్చేవి కొన్ని ఒక్క రోజు కూడా నిలవవు. పోస్టులో వచ్చేవి కొంతకాలం నిలుస్తాయి కానీ వాటికీ గడువుంటుంది. గడువు దాటితే మళ్లీ ఇదే ఉత్తరం. కవరు చేతికొచ్చేసరికి చింపి అతికించినట్టు ఉంటే వాడకుండా బ్యాంకుకు తిరిగి ఇచ్చేయండి.

ఈమెయిల్‌లో పంపవచ్చా అంటే, బ్యాంకు ఒప్పుకుంటే పంపవచ్చు. బ్యాంకులో నమోదైన ఈమెయిల్ నుంచే పంపాలి, సంతకం చేసిన కాగితాన్ని స్కాన్ చేసి జతపరచాలి. మెయిల్ మాటల్లో మాత్రం ఖాతా నంబరు పూర్తిగా రాయకుండా చివరి నాలుగంకెలతో సరిపెట్టండి. బ్యాంకు సామాజిక మాధ్యమ పేజీల కింద వ్యాఖ్యగా ఈ సంగతి అస్సలు రాయకండి. "మీకు సాయం చేస్తాం, డీఎం చేయండి" అంటూ బ్యాంకు గుర్తుతో నకిలీ ఖాతాలు అక్కడే కాచుకుని ఉంటాయి. అలాగే కస్టమర్ కేర్ నంబరును వెతుకుడు పేజీల్లో చూసి చేయకండి, కార్డు వెనకో పాస్‌బుక్ మీదో ఉన్న నంబరుకే చేయండి. ఉత్తరం ఇచ్చాక ఎవరైనా ఫోన్ చేసి "మీ అన్‌లాక్ పని నడుస్తోంది, వచ్చిన ఓటీపీ చెప్పండి" అంటే పెట్టేయండి. అన్‌లాక్ చేయడానికి బ్యాంకు ఉద్యోగికి మీ ఓటీపీ అవసరం లేదు. అది కావాల్సింది మీ పేరుతో లోపలికి పోవాలనుకునే వాడికే. ఫోన్ స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా ఇదే మాట.

ప్రొఫైల్ లాక్‌లో ఉన్నన్నాళ్లూ మీ ఖాతా పనిచేస్తూనే ఉంటుంది. చెక్కులు, కార్డు, ముందే అనుమతి ఇచ్చిన నెలవారీ కోతలు సాధారణంగా నడుస్తాయి. ఆగేది మీరు లోపలికి వెళ్లి చేసే పనులే. ఫలానా తేదీకి పంపమని నెట్ బ్యాంకింగ్‌లో ముందే పెట్టి ఉంచిన చెల్లింపులుంటే, అవి వెళ్తాయో లేదో ఉత్తరం ఇచ్చేటప్పుడే కౌంటరులో అడగండి. ఒక్కో వ్యవస్థలో ఒక్కోలా ఉంటుంది.

మీరు స్వయంగా వెళ్లలేకపోతే, ఉత్తరాన్ని ఇంకొకరి చేత పంపవచ్చు. తెచ్చిన మనిషి పేరు, వారి గుర్తింపు పత్రం నంబరు ఉత్తరంలో రాసి, "ఈ ఉత్తరం అందజేయడానికి మాత్రమే వీరికి అనుమతి ఇస్తున్నాను" అని చేర్చండి. "పాస్‌వర్డ్ కవరు వీరికి ఇవ్వగలరు" అని రాయకండి. సొంత కొడుకైనా సరే. రాస్తే బ్యాంకు ఒప్పుకోకపోవడమే మామూలు, ఒప్పుకున్నా ఆ తర్వాత ఆ ప్రొఫైల్‌లో జరిగే ప్రతి లావాదేవీకీ జవాబు చెప్పాల్సింది మీరే.

బ్యాంకు చెప్పిన గడువులోగా ఏమీ రాకపోతే కొత్త ఉత్తరం మొదటి నుంచి రాయకండి, అలా చేస్తే పాతది వదిలేసి కొత్త అభ్యర్థనగా మళ్లీ వరుసలో పెడతారు. ముద్ర పడిన మీ ప్రతికి నకలు తీసి జతచేసి, "____ తేదీన ఇచ్చిన అభ్యర్థన ఏ దశలో ఉందో, తిరస్కరించి ఉంటే కారణమేమిటో రాతపూర్వకంగా తెలియజేయగలరు" అని రెండు వాక్యాలు రాస్తే చాలు. కారణం రాతలో అడిగితే ఎవరో ఒకరు ఆ కాగితం తీసి చూడక తప్పదు. సంతకమో, మొబైలో, ఐడీయో, ఎక్కడ ఆగిందో బయటపడుతుంది. దానికీ జవాబు లేకపోతే అప్పుడు బ్యాంకు ఫిర్యాదుల అధికారికి, ఈ రెండు కాగితాల నకళ్లతో.